భోజనాల బల్ల మీద పద్నాలుగు అంగుళాలు

కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్ళకి రెండు చోట్ల మతి పోతుందని గొడుగక్క అంటుండేది. ఒకటి వీధి గేటు దగ్గర, రెండోది దీపాల కొట్లో. గేటు దగ్గర పోయిన మతి కారు గీరుకున్న రోజున తిరిగొస్తుందట. దీపాల కొట్లో పోయింది మాత్రం కప్పుకి వేలాడుతూ అలాగే ఉండిపోతుందట.

ఆవిడ మాట అలాగే ఉండేది. అసలు పేరు ఆవిడ పనిచేసే దీపాల కొట్లో ఎవరికీ గుర్తులేదు. దీపం కొనేవాళ్ళ ఇళ్ళకి కొలతలకి వెళ్ళేటప్పుడు చంకలో మూడు గొడుగులు పెట్టుకుని వెళ్ళేది కనుక గొడుగక్క. ఒకటి చిన్నపిల్లల గొడుగు, ఒకటి మామూలుది, మూడోది బజారులో బండి మీద నీడకి పెట్టుకునే పెద్ద గొడుగు. దీపం ఎంత వెడల్పో అంత గొడుగు తీసి, విప్పి, పైకొనకి తాడు కట్టి కప్పు నుంచి వేలాడదీసేది. గుడ్డ దీపం వెడల్పు చెబుతుంది, పిడి దీపం అడుగు ఎక్కడికొస్తుందో చెబుతుంది. ఇక ఇంట్లోవాళ్ళని దాని కింద కూర్చోమనేది, లేవమనేది, మెట్లెక్కి దిగమనేది. గొడుగు పిడి ఒక్కసారి నెత్తికి తగిలితే చాలు, గంటసేపు వాదించినా వినని పెద్దమనిషి ఇట్టే వినేవాడు.

ఈ పనిలోకి ఆవిడ వచ్చింది తుడిచే మనిషిగా. పాతికేళ్ళ కిందట ఆ కొట్టువాళ్ళు అమ్మిన షాండ్లియర్లని ఆరు నెలలకోసారి విప్పి, గాజు ముక్కలు కడిగి, మళ్ళీ తగిలించే పని. తప్పు ఎత్తున కట్టిన దీపం ముందు తుడిచేవాళ్ళనే కరుస్తుంది. మెట్ల మధ్య చేతికందనంత దూరంలో, నిచ్చెన నిలబెట్టడానికి చోటు లేని చోట వేలాడే దీపాన్ని తుడిచి తుడిచి, కొన్నవాడికీ అమ్మినవాడికీ తెలియని సంగతులు ఆవిడకి తెలిశాయి. కొట్టు యజమాని తెలివైనవాడు కాదు. కానీ వాపసు వచ్చిన దీపాలు గోడౌనులో కాలు పెట్టే సందు లేకుండా నిండిపోయేసరికి, ఈవిడ మాట విని చూద్దామనుకున్నాడు. ఆ తరవాత ఒక్క దీపమూ వెనక్కి రాలేదు. అందుకు ఆయన ఆవిడని మెచ్చుకున్నాడా అంటే, లేదు. తన కొట్టు పేరే అంత అని చెప్పుకున్నాడు.

ఆవిడ లెక్కలు చాలా చిన్నవి. భోజనాల బల్ల మీదైతే దీపం వెడల్పు బల్ల వెడల్పులో సగానికి తగ్గకూడదు, మూడింట రెండు వంతులు దాటకూడదు. బల్ల పలకకీ దీపం అడుగుకీ మధ్య రెండున్నర నుంచి మూడడుగులు. ఎనిమిదడుగుల కప్పుకి రెండున్నర పెట్టుకుని, కప్పు పెరిగిన ప్రతి అడుగుకీ మూడంగుళాలు కలుపుకోవాలి. మెట్ల మధ్యనైతే కింద ఎవరు ఎక్కడ నడిచినా కాలి కింది నేల నుంచి దీపం అడుగుకి ఏడడుగుల ఖాళీ ఉండాలి, దీపం అడుగు మేడ నేలకన్నా కిందికి దిగకూడదు, రెయిలింగు దగ్గర నిలబడి చెయ్యి చాస్తే అందకూడదు. ఇంతే. ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి పాతికేళ్ళ అనుభవం అక్కర్లేదు. వినడానికి మాత్రం జనానికి ఒక జన్మ చాలడం లేదనేది.

ఊళ్ళో ఇంతమంది ఇళ్ళకి వెళ్ళిన గొడుగక్కని సొంత బావగారు పిలవలేదు. పెరటి చెట్టు మందుకి పనికిరాదు కదా. ఆయన పెద్ద ఆఫీసరుగా రిటైరైన మనిషి. రిటైరైంది ఉద్యోగం నుంచే, ఆఫీసరుతనం నుంచి కాదు. మేడ కట్టి, ఇంకో పెద్ద షోరూములో తనే స్వయంగా రెండు దీపాలు ఎంచుకొచ్చాడు. నాలుగడుగుల వెడల్పున్న గాజు షాండ్లియరు భోజనాల గదికి. పాలగాజు డొప్పతో రెండడుగుల పైచిలుకు చిన్న దీపం మెట్లకి. అదేమిటి బావగారూ అంటే, “మెట్ల మీద ఎవరైనా కూర్చుంటారా? అందరం కూర్చునేది బల్ల దగ్గర. ఖరీదైన వస్తువు కళ్ళెదుట ఉండాలి మరదలా,” అన్నాడు. షోరూములో కప్పు పద్దెనిమిది అడుగులు. అంత ఎత్తు కింద ఏనుగు కూడా పిల్లిలాగే కనబడుతుంది. దాన్ని తెచ్చి తొమ్మిదడుగుల గదిలో పెడితే మళ్ళీ ఏనుగై కూర్చుంది.

గృహప్రవేశం రోజున గొడుగక్క దాన్ని చూసి, వంటింట్లో అక్కతో, “మీ ఆయన దీపం కొన్నాడా, బల్ల మీద గుడారం వేశాడా?” అని నవ్వింది. అక్క నవ్వలేదు, ఉలకలేదు, పలకలేదు. మేడ గాలి అక్కకీ తగిలిందనుకుని గొడుగక్కకి ఒళ్ళు మండింది. నేను పని చేసుకు బతికేదాన్ని, నా హాస్యాలు నీకెందుకులే అనుకుని, మూడు నెలలు ఆ గుమ్మం తొక్కలేదు. ఆ మాట అన్నప్పుడు తను పొయ్యి వైపు తిరిగి ఉందని, అక్క వెనకాల నిలబడి ఉందని ఆవిడకి అప్పుడు తట్టలేదు.

అది తట్టవలసిన మనిషి లోకంలో ఎవరైనా ఉంటే తనే. పదిహేనేళ్ళ కిందట జ్వరం వచ్చి తగ్గినప్పుడు అక్కకి కుడిచెవి పూర్తిగా పోయింది, ఎడమచెవి ముప్పాతికపాళ్ళు పోయింది. అక్క ఏడవలేదు. పెదవులు చూసి మాట పట్టడం నేర్చుకుంది. ఎంత బాగా నేర్చిందంటే, కట్టుకున్నవాడికే తెలియలేదు. భార్యని పిలిచి పని చెప్పడానికి తప్ప ఆవిడ మొహం వైపు చూడని మనిషికి తెలియకపోవడం వింతేమీ కాదు. ఆవిడకి వినబడదని గొడుగక్క ఒక్కదానికే తెలుసు. “ఆయనకి తెలిస్తే రేపటి నుంచి నాకు పేరుండదు, చెవిటిది అంటాడు. చెప్పావంటే నా మీద ఒట్టే,” అంది అక్క. పాత ఇంట్లో బల్ల చిన్నది, గోడకి తెల్లటి ట్యూబ్‌లైటు. ఒక్కొక్కరి మూతీ అద్దంలోలా కనబడేది. పదిహేనేళ్ళు ఆ బల్ల దగ్గర ఆవిడ ఒక్క మాట పోగొట్టుకోలేదు.

ఒక మధ్యాహ్నం అక్క పెద్దకోడలు, తన పడకగదికి బల్బులు కావాలని, గొడుగక్క పనిచేసే కొట్టుకి వచ్చింది.

“చిన్నత్తయ్యా, మీకు చెప్పలేదు కానీ అత్తయ్యగారికి మతి తప్పుతోంది,” అంది గొంతు తగ్గించి. “భోజనాల దగ్గర మనం ఒకటి అడిగితే ఆవిడ ఇంకొకటి చెబుతున్నారు. మొన్న ఎవరో పోయారని మామయ్యగారు అంటే, ‘మంచిది, రమ్మనండి’ అన్నారు.”

“తరవాత?”

“తరవాతేముంది. ఆదివారం మామయ్యగారి పాత పై ఆఫీసరు భోజనానికి వస్తున్నారు. ఆ రోజు నుంచి అత్తయ్యగారికి ముందే వంటింట్లో పెట్టేద్దామంటున్నారు మామయ్యగారు. రోజూ ఇక అలాగే. పరువు పోకుండా ఉంటుందని.”

గొడుగక్క బల్బుల పెట్టె మూత వేసింది. పోయింది మతి కాదని, బల్ల మీది బల్బుల వెనక మొహాలు పోయాయని ఆవిడకి ఆ క్షణంలోనే అర్థమైంది. అక్కకి బల్ల దగ్గర చోటు పోతోంది. మనిషి బతికుండగానే ఇంట్లో లేకుండా పోవడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు. అదీ ఒక దీపం వల్ల. అంతకన్నా సిగ్గుచేటు, దీపాల మనిషినని ఊరంతా డప్పు కొట్టుకునే తను మొదటి రోజునే దాన్ని చూసి, నవ్వి, వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే టేపు పట్టుకుని వెళ్ళింది. బావగారు ఇంట్లో లేడు. బల్ల ఎనిమిదడుగుల పొడుగు, మూడున్నర వెడల్పు. దీపం బల్లకన్నా అటూ ఇటూ మూడేసి అంగుళాలు బయటికి పొడుచుకొచ్చింది. కుర్చీలోంచి లేచేవాడి నుదురు దాని అంచుకి తగలాల్సిందే. బల్ల పలక నుంచి దీపం అడుగు వరకు కొలిచింది. పద్నాలుగు అంగుళాలు. ఆవిడ వెళ్ళి అక్క కుర్చీలో కూర్చుంది. ఎదర చివర బావగారి కుర్చీ ఉండాల్సిన చోట డజను బల్బులు, గాజు ముక్కల జాలరు, వాటి మిరుమిట్లు కనబడ్డాయి. అక్క పొట్టి మనిషి, ఆవిడ చూపుకి అది సరిగ్గా గోడ. అటు కూర్చున్నవాళ్ళ చేతులు కనబడతాయి, కంచాలు కనబడతాయి. మొహాలు కనబడవు.

వంటింట్లో అక్కకి ఎదురుగా నిలబడి, పెదవులు బాగా కదిలిస్తూ అడిగింది. “ఎందుకు చెప్పలేదక్కా?”

“దీపం తియ్యమంటే ఎందుకంటారు,” అంది అక్క. “ఎందుకంటే ఏం చెప్పను? ఊహించి జవాబిచ్చుకుంటూ వచ్చాను. ఈమధ్య ఊహలు కుదరడం లేదు.”

ఆ మాటకి గొడుగక్కకి ఏడుపొచ్చింది. ఆ ఏడుపంతా బావగారి మీద కోపంగా మారడానికి ఆయన ఇంటికి వచ్చేవరకే పట్టింది.

“బావగారూ, ఆ దీపం తీయించాలి. గదికి అది పెద్దది.”

“పెద్దదనే కొన్నాను.”

“బల్లకన్నా వెడల్పు. దాని కింద మనిషి కూర్చుంటే మనిషి కనబడడు.”

“పైకి కట్టిస్తే సరి. దానికింత రాద్ధాంతమా?”

“పైకి ఎక్కడికి? కప్పు తొమ్మిదడుగులు, బల్ల రెండున్నర. మిగిలింది ఆరున్నర. మీ దీపం పొడుగు అయిదడుగులకి రెండంగుళాలు తక్కువ. కొక్కెం, దాన్ని మూసే గిన్నె కలిసి అరడుగు. అక్కడ గొలుసు ఒక్క లంకె కూడా లేదు. ఇంకా పైకంటే మేడ మీద గదికి బొక్క పెట్టాలి.”

“మరదలా, నువ్వు కొట్లో గాజులు తుడిచే రోజుల్లో నేను వందమందికి సంతకాలు పెట్టిన మనిషిని,” అన్నాడు బావగారు. ఆయన పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్ళు. నాలుగోది చూపిస్తే, కుందేలుదే తప్పంటాడు.

అసలు కారణం చెప్పడానికి లేదు, ఒట్టు పడింది. కొలతలు చెబితే వినడు. ఇక మిగిలింది ఆయన గొప్ప ఒక్కటే. అది మాత్రం ఆ ఇంట్లో కావలసినంత ఉంది. మసక చీకటి పడుతుండగా గొడుగక్క, “సరే బావగారూ, ఒక్కసారి రోడ్డు మీదకి రండి,” అంది.

మెట్ల గదికి వీధి వైపు నిలువెత్తు అద్దాల కిటికీ ఉంది. మేడ నేల ఎత్తు దగ్గర మొదలై ఏడడుగులు పైకి ఉంటుంది. లోపల లైటు వేసే ఉంది. కానీ చిన్న దీపం ఇరవై అడుగుల కప్పుకి పులిపిరిలా అంటుకుని, కిటికీ చట్రం దాటి పైకి పోయింది. రోడ్డు మీదకి అద్దాల్లో మసక ఖాళీ తప్ప ఏమీ కనబడలేదు. ఎదురింటి డాక్టరుగారి మెట్ల కిటికీలో మాత్రం సరిగ్గా నడిమధ్యన ఓ మోస్తరు షాండ్లియరు వెలుగుతోంది.

“డాక్టరుగారిది ఎంత ఉంటుంది బావగారూ? మీదాంట్లో సగం ఉండదు,” అంది గొడుగక్క. “కానీ చూసేవాళ్ళకేం తెలుసు, పాపం. మీ బల్ల దగ్గర ఎనిమిదిమంది కూర్చుంటారు. ఈ రోడ్డు మీద రోజుకి ఎనిమిది వందలమంది నడుస్తారు. మీ ఇంట్లో కరెంటు పోయిందనుకుంటారు.”

బావగారు ఎదురింటి వైపు చూశాడు, తన ఇంటి వైపు చూశాడు. నోట్లో ఏదో నములుతున్నట్టు దవడలు కదిలాయి.

“ఒక పని చేస్తే?” అన్నాడు చివరికి. “ఆ పెద్దదాన్ని మెట్ల మధ్యకి తెప్పిస్తే? నాకిప్పుడే తట్టింది.”

“అబ్బ! ఆఫీసర్లకే తడతాయి బావగారూ ఇలాంటివి,” అంది గొడుగక్క. ఆవిడ మొహంలో నవ్వు రాకుండా ఆపుకోవడానికి చెప్పుల్లో కాలివేళ్ళు బిగబట్టుకుంది.

శనివారం కరెంటు మేస్త్రీ పరంజా కట్టాడు. నలభై అయిదు కిలోల దీపాన్ని ఫ్యాను కొక్కేనికి తగిలించబోతే గొడుగక్క గట్టిగా కేకేసింది. శ్లాబులోంచి బోల్టు దింపించి, దానికి కొక్కెం పెట్టించింది. ముందు పెద్ద గొడుగు వేలాడదీసింది. మెట్లు గోడల వెంబడి తిరుగుతాయి, మధ్యలో తొమ్మిదడుగుల ఖాళీ. దీపం నాలుగడుగులు పోగా నాలుగు వైపులా రెయిలింగుకి రెండున్నర అడుగుల ఎడం. మేస్త్రీ రెయిలింగు మీంచి చెయ్యి చాపాడు, అందలేదు. కింది నేల నుంచి పన్నెండడుగుల ఎత్తున పిడి ఆగింది. మేడ నేల పదిన్నర. అయిదడుగుల ఎత్తున సగం మెట్ల దగ్గరుండే చదునులో ఎవరు నిలబడినా ఏడడుగులు మిగులుతాయి.

“ఇంకో మూడడుగులు దించండి. వచ్చినవాడికి గుమ్మంలోనే మొహాన కొట్టాలి,” అన్నాడు బావగారు.

“కొడుతుంది. కానీ కిటికీలోంచి జారిపోయి డాక్టరుగారికి కనబడదు,” అంది గొడుగక్క.

ఆయన ఆ మూడడుగులూ వదులుకున్నాడు. పైనుంచి మెట్లు దిగేవాళ్ళ కళ్ళకి బల్బులు ఎదురవుతాయి కనుక, ఆవిడ వాటన్నిటినీ తీసేయించి తక్కువ వెలుగున్న పాలరంగు బల్బులు వేయించింది. మెరుపు తగ్గిందని ఆయన గొణుక్కుంటూ వీధిలోకి వెళ్ళాడు. కాసేపటికి ఎదురింటి డాక్టరుగారి గేటు దగ్గర నిలబడి పైకి చూస్తూ కనబడ్డాడు. పనేమీ లేకపోయినా అరగంట అక్కడే నిలబడ్డాడు.

ఆ సందు చూసుకుని గొడుగక్క భోజనాల గది తలుపు వేసుకుంది. పాలగాజు దీపం ఇరవై ఆరంగుళాల వెడల్పు. మూడున్నర అడుగుల బల్లకి కొలిచి చేయించినా అంతకన్నా సరైనది దొరకదు. మేస్త్రీ నిచ్చెన మీద కడ్డీ పట్టుకున్నాడు. అక్క తన కుర్చీలో కూర్చుంది. గొడుగక్క బావగారి కుర్చీలో కూర్చుని, గొంతు పెగల్చకుండా పెదవులతో మాత్రం ఒక మాట అంది.

“మళ్ళీ అను,” అంది అక్క. “ముక్కు నీడ మూతి మీద పడుతోంది. బల్బు కూడా కంట్లో కొడుతోంది.”

అప్పుడు దీపం బల్లకి మూడున్నర అడుగుల ఎత్తున ఉంది. కిందికి దించారు. రెండడుగుల దగ్గర గాజు డొప్ప అంచు ఎదుటివాళ్ళ నుదుళ్ళు మింగేసింది. కాస్త పైకి లేపారు. ముప్ఫై మూడంగుళాల దగ్గర గొడుగక్క మళ్ళీ శబ్దం లేకుండా అదే మాట అంది. వెలుగు బల్ల మీద పడి, తెల్లటి పలక నుంచి పైకి లేచి ఆవిడ గడ్డాన్నీ పెదవులనీ పట్టి చూపించింది.

“మా ఆయన మూర్ఖుడని నాకు ముప్ఫై ఏళ్ళ కిందటే తెలుసు,” అంది అక్క. “ఆ మాటకి నీకు మేస్త్రీ, నిచ్చెన ఎందుకే?”

మేస్త్రీకి ఏమీ అర్థం కాక ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. గొడుగక్క మూడు నెలల తరవాత ఆ ఇంట్లో మనస్ఫూర్తిగా నవ్వింది.

ఆదివారం రాత్రి భోజనానికి పాత పై ఆఫీసరుగారు వచ్చారు. బావగారు ఆయన్ని మెట్ల దగ్గర పావుగంట నిలబెట్టి, పెద్ద దీపాన్ని అక్కడ పెట్టాలన్న ఆలోచన తనకి ఎలా తట్టిందో వివరించాడు. కోడలు అత్తగారికి వంటింట్లో కంచం పెట్టింది. గొడుగక్క ఆ కంచం తీసి బల్ల దగ్గరికి తెచ్చి, అక్క కుర్చీ ముందు పెట్టింది. పెద్దమనిషి ఎదురుగా గొడవ పడటం ఇష్టం లేక బావగారు పళ్ళు కొరుక్కుని ఊరుకున్నాడు. అక్క వచ్చి కూర్చుంది.

“భోజనం చాలా బాగుందమ్మా,” అన్నారు పై ఆఫీసరుగారు.

“ఇంకొంచెం వేయించుకోండి, మీకు ఉప్పు తక్కువ కావాలని వేరేగా చేశాను,” అంది అక్క. అది సరైన జవాబే. కానీ బావగారు ఆవిడ మాటలు వినడం మానేసి మూడు నెలలైంది. తలకాయ పక్కకి వంచి, గొంతు బాగా తగ్గించి, అతిథితో అన్నాడు. “ఆవిడని పట్టించుకోకండి సార్. మతి పోయింది. ఇంట్లో ఒక పిచ్చిదాన్ని పెట్టుకున్నట్టే ఉంది నాకు. ఏం చేస్తాం, కట్టుకున్నాక తప్పదు కదా.”

ఎనిమిదడుగుల అవతల అక్క చేతిలో గరిట ఆగిపోయింది. వెలుగు గొడుగక్క అనుకున్న పని చేసింది. తను అనుకోని పని కూడా చేసింది.

“మతి బాగానే ఉందండీ,” అంది అక్క. “చెవులు లేవు, అంతే. పోయి పదిహేనేళ్ళైంది. మీ పెదవులు చూసి వింటున్నాను. ఆ పెద్ద దీపం అడ్డమొచ్చి ఈ మూడు నెలలూ చూడలేకపోయాను.”

కోడలు చేతిలో ముద్ద కంచంలో పడింది. పై ఆఫీసరుగారు తలొంచుకున్నారు.

“పిచ్చిదాన్ని అన్నది చూశాను,” అంది అక్క. “ఈ మూడు నెలల్లో ఇంకేమేం అన్నారో, మళ్ళీ చెప్పండి. ఇప్పుడు బాగా కనబడుతోంది.”

బావగారి ఎడమచెయ్యి ఆయనకి తెలియకుండానే లేచి మూతికి అడ్డం వెళ్ళింది.

“చెయ్యి తీయండి,” అంది అక్క.